సభ్యురాలి మార్పు కథను ఆమె సమ్మతితో, ఉన్నది ఉన్నట్టుగా రాయడం: జిమ్ యజమానులకు సమగ్ర మార్గదర్శి

అనంతపురంలో జనవరి మొదటి వారంలోనూ, ఎండలు ముదిరే ముందూ ఏ కూడలిలో చూసినా జిమ్‌ల ఫ్లెక్సీలు కనిపిస్తాయి. ఒక పక్క పొట్టతో నీరసంగా నిలబడ్డ మనిషి, మరో పక్క కండలతో నవ్వుతున్న అదే మనిషి, మధ్యలో "90 రోజులు" అన్న పెద్ద అక్షరాలు ఉంటాయి. ఆ మనిషిని ఏమని అడిగి ఆ ఫొటో తీసుకున్నారో, ఆ 90 రోజుల తర్వాత అతని బరువు ఏమయిందో ఆ ఫ్లెక్సీ చెప్పదు. నేను ఇక్కడే ఒక జిమ్ నడుపుతున్నాను. మా సభ్యుల మార్పును నలుగురికీ చెప్పాలన్న కోరిక నాకూ ఉంది. అలాంటి కథను ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, చదివినవారికి లేనిపోని ఆశ కల్పించకుండా రాయడానికి మేము అనుసరించే పద్ధతిని మొదటి నుంచి చివరి వరకు వివరిస్తాను.

దీనికి ఒకే సభ్యురాలి ఉదాహరణ తీసుకుంటాను. ఆమె వయసు 38, ఎత్తు 156 సెంటీమీటర్లు, ఇద్దరు పిల్లల తల్లి, ఉద్యోగం చేస్తారు. ఏ ఉద్యోగమో మా ఇన్‌స్టాగ్రామ్ పోస్టులో రాయవద్దని ఆమె కోరారు కాబట్టి ఇక్కడ కూడా రాయడం లేదు. ఈ వివరాలను మార్గదర్శిలో వాడుకోవడానికి ఆమెను వేరుగా అడిగాను. పోస్టుకు ఇచ్చిన సమ్మతి పోస్టుకే చెల్లుతుంది, ఇంకో అవసరానికి దాన్ని సాగదీయకూడదు.

మొదటి అడుగు: ఎవరిని, ఎప్పుడు, ఎవరు అడగాలి

చాలామంది యజమానులు సభ్యుని బరువు అతి తక్కువకు చేరిన రోజే కెమెరా తీస్తారు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని. బరువు తగ్గించడం కంటే తగ్గిన బరువును నిలుపుకోవడం కష్టమని ఈ రంగంలో ఉన్న ప్రతివారికీ తెలుసు. అందువల్ల బరువు తగ్గడం ఆగిన తర్వాత కనీసం మూడు నాలుగు నెలలు ఆగి, అది ఎక్కడ నిలిచిందో చూశాకే అడగాలి. మా సభ్యురాలు జూన్‌లో చేరారు. మరుసటి ఏడాది ఆగస్టులో ఆమె బరువు అన్నిటికంటే తక్కువగా ఉంది. మేము అడిగింది డిసెంబరులో.

కొందరిని అసలు అడగకూడదు. 18 ఏళ్లు నిండనివారి కథలను తల్లిదండ్రులు ఒప్పుకున్నా మేము వాడం. భోజనం మానేసి బరువు తగ్గినవారు, రోజుకు పలుమార్లు తూకం ఎక్కేవారు, తిన్నందుకు శిక్షగా గంటల తరబడి ట్రెడ్‌మిల్ మీద ఉండేవారు పైకి ఎంత మారినట్టు కనిపించినా వారి కథను ప్రచారానికి వాడితే ఆ అలవాటు మరింత గట్టిపడుతుంది. అలాంటివారికి ముందు వైద్య సలహా అవసరం.

అడిగే మనిషి ఎవరన్నది కూడా ముఖ్యమే. రోజూ తనకు నేర్పే ట్రైనర్ అడిగితే కాదనడం సభ్యురాలికి కష్టం. మొహమాటంతో వచ్చే "సరే" సమ్మతి కాదు. మా దగ్గర రిసెప్షన్‌లో ఉండే ఆవిడ, వ్యాయామం అయిపోయాక, పక్కన ఎవరూ లేనప్పుడు ఇలా అడిగారు: "మేడం, మీ అనుభవాన్ని పోస్టుగా రాయాలని అనుకుంటున్నాము. మీకు ఇష్టం లేకపోతే ఏ కారణమూ చెప్పనక్కరలేదు. మీ ఫీజులోగాని, బ్యాచ్‌లోగాని, ట్రైనర్ విషయంలోగాని ఏ మార్పూ ఉండదు. ఈ కాగితం ఇంటికి తీసుకువెళ్లి చదువుకోండి." జవాబు అక్కడికక్కడే తీసుకోలేదు. వారం గడువు ఇచ్చాము. ఎవరైనా వద్దంటే ఆ మాట అక్కడితో ముగియాలి, మళ్లీ మరో నోటితో అడిగించకూడదు.

కథ ఇస్తే మూడు నెలల ఫీజు మాఫీ అని కొన్నిచోట్ల ముందే ఆశ చూపుతారు. ఫీజు కట్టడం భారంగా ఉన్న సభ్యురాలికి అది ఎంపిక కాదు, ఒత్తిడి. మేము ఏమీ ఇవ్వము. ఎవరైనా ఇస్తే ఆ సంగతి పోస్టులోనే స్పష్టంగా రాయాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో తెచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు కూడా ప్రచారం చేసే వ్యక్తికి, వ్యాపారికి మధ్య ఉన్న ఇలాంటి సంబంధాన్ని వెల్లడించాలనే చెబుతున్నాయి.

రెండో అడుగు: సమ్మతిని ముక్కలుగా విడదీసి అడగాలి

"నా ఫొటోలు, వివరాలు వాడుకోవడానికి అంగీకరిస్తున్నాను" అన్న ఒక్క వాక్యం కింద సంతకం తీసుకోవడం మన ఊళ్లలో మామూలు. కొన్ని జిమ్‌లలో అది చేరేటప్పుడు నింపే ఫారంలోనే ఒక మూల ఉంటుంది. దాన్ని సమ్మతిగా లెక్కపెట్టవద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతి ఎలా ఉండాలో నిర్వచించింది. అది స్వేచ్ఛగా ఇచ్చినదై, ఒక నిర్దిష్ట అవసరానికి పరిమితమై, విషయం పూర్తిగా తెలిసి, షరతులేవీ లేకుండా, స్పష్టమైన చర్యతో ఇచ్చినదై ఉండాలి. ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. సమ్మతి కోరే సమాచారాన్ని తెలుగులో చదువుకునే వీలు కల్పించాలన్నది కూడా ఆ చట్టంలో ఉంది. కాబట్టి మా కాగితం తెలుగులోనే ఉంటుంది. చదవడం ఇబ్బందిగా ఉన్నవారికి చదివి వినిపిస్తాము.

మా కాగితంలో ప్రతి అంశానికీ ఎదురుగా "సరే", "వద్దు" అని రెండు గళ్లు ఉంటాయి. ముందే టిక్కు పెట్టిన గడి ఒక్కటీ ఉండదు. మా సభ్యురాలి కాగితంలోని అంశాలు, వాటికి ఆమె ఇచ్చిన జవాబులు ఇవి.

ముఖం కనిపించే ఫొటో: వద్దు.
ముఖం కనిపించని ఫొటో: సరే, కానీ ముందు నాకు చూపించాలి.
చేరినప్పుడు రికార్డు కోసం తీసిన పాత ఫొటో: వద్దు.
బరువు, నడుము కొలత: సరే.
వయసు: సరే. పేరు, ఉద్యోగం, ఉండే కాలనీ: వద్దు.
ఆరోగ్య సమస్య పేరు, రక్తపరీక్షల అంకెలు: వద్దు. డాక్టరు మందులు వాడుతున్నానన్న మాట: సరే.
జిమ్ ఇన్‌స్టాగ్రామ్ పేజీ: సరే. వాట్సాప్ స్టేటస్: వద్దు. ఫ్లెక్సీ, కరపత్రం: వద్దు. డబ్బు కట్టి వేసే ప్రకటన: వద్దు.
ఎంతకాలం: ఒక సంవత్సరం.

వాట్సాప్ స్టేటస్‌కు ఆమె వద్దన్నది ఎందుకో ఆలోచిస్తే ఇలా విడదీసి అడగడం ఎందుకు అవసరమో తెలుస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ పేజీని చూసేవారిలో ఎక్కువమంది ఆమెకు తెలియనివారు. జిమ్ నంబరును ఫోనులో దాచుకున్నవారిలో మాత్రం ఆమె ఇరుగుపొరుగు, తోటి ఉద్యోగులు, దగ్గరి బంధువులు కూడా ఉన్నారు. ఒక్క సంతకంతో అన్నిటికీ కలిపి అడిగి ఉంటే ఆమె పూర్తిగా వద్దని ఉండేవారు, లేదా ఇష్టం లేకుండానే ఒప్పుకుని ఉండేవారు.

కాగితం చివర ఒక నిజాన్ని దాచకుండా రాయాలి. మా మాటల్లో అది ఇలా ఉంటుంది: "మీరు ఎప్పుడు వద్దన్నా, ఫోను ద్వారాగాని నోటితోగాని చెబితే చాలు, ఆ రోజే మా పేజీ నుంచి తొలగిస్తాము. అయితే అప్పటికే ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసుకుని ఉన్నా, ఇతరులకు పంపి ఉన్నా దాన్ని వెనక్కి తేవడం మా చేతిలో లేదు." ఈ వాక్యం చదివి ఎవరైనా వెనుకడుగు వేస్తే అది ఆ కాగితం తన పని తాను చేసినట్టే. నింపిన కాగితం నకలు ఒకటి సభ్యురాలికి ఇవ్వాలి.

మూడో అడుగు: అంకెలను పూర్తి వరుసలో తీసుకోవాలి

ఈ పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. మార్పు కథల్లో అబద్ధపు అంకెలు అరుదు. నిజమైన అంకెల్లోంచి అనుకూలమైన రెండింటిని ఏరుకోవడం మాత్రం సర్వసాధారణం. మా సభ్యురాలి రికార్డులో ఉన్నది ఇది.

చేరిన రోజు బరువు 78.4 కిలోలు. మొదటి నెల చివర 76.0. ఐదో నెల ముగిసేసరికి, అంటే అక్టోబరు చివరికి, 72.6. ఆ తర్వాత నవంబరు, డిసెంబరు నెలల్లో బరువు దాదాపు కదలలేదు. సంక్రాంతి, ఇంట్లో రెండు పెళ్లిళ్లు అయ్యాక జనవరి చివర 73.8కు పెరిగింది. మళ్లీ మెల్లగా తగ్గి ఆగస్టు చివరికి 69.8కి వచ్చింది. పోస్టు రాసిన డిసెంబరులో 70.6.

ఈ వరుసలోంచి ఎన్ని రకాల కథలు అల్లవచ్చో చూడండి. "మొదటి నెలలోనే 2.4 కిలోలు" అని రాస్తే అది నిజమే. కానీ చదివినవారు దాన్ని పన్నెండుతో గుణించుకుని, ఏడాదిలో 29 కిలోలు తగ్గుతామనుకుంటారు. మొదటి వారాల్లో తగ్గేదంతా కొవ్వు కాదు. అన్నం, చిరుతిళ్లు తగ్గించగానే ఒంట్లో పిండిపదార్థం నిల్వ ఉండే రూపమైన గ్లైకోజన్ తగ్గుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజన్‌తోపాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా నిల్వ ఉంటుంది కాబట్టి ఆ నీరూ పోతుంది. అందుకే తూకం మొదట వేగంగా దిగి తర్వాత నెమ్మదిస్తుంది. ఇది తెలియని కొత్త సభ్యులు రెండో నెలలోనే తమలో ఏదో లోపం ఉందనుకుని మానేస్తారు. జూలై నుంచి అక్టోబరు వరకు ఈమె నెలకు తగ్గింది సుమారు 850 గ్రాములే.

"78.4 నుంచి 69.8కి" అని రాసినా నిజమే. అయితే ఈ రోజు ఆమె బరువు 69.8 కాదు. పోస్టులో వేయాల్సింది పోస్టు రాసిన నాటి బరువు, అతి తక్కువ బరువు కాదు. ఆ లెక్కన 18 నెలల్లో తగ్గింది 7.8 కిలోలు, అంటే మొదటి బరువులో దాదాపు పది శాతం. సగటున నెలకు అర కిలో కంటే తక్కువ. ఫ్లెక్సీల మీద చూసే అంకెల పక్కన పెడితే ఇది చిన్నదిగా అనిపించవచ్చు. కానీ మొదటి బరువులో ఐదు నుంచి పది శాతం తగ్గినా రక్తపోటు, రక్తంలో చక్కెర వంటివి మెరుగుపడే అవకాశం ఉందని వైద్యులు చెబుతారు. కాబట్టి ఈ అంకె గురించి సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని లేదు.

ఇంకో సంగతి కూడా రాయడం మంచిది. 70.6 కిలోల దగ్గర ఆమె బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును అంచనా వేసే అంకె, 29. భారతీయులకు వైద్యులు వాడే కొలబద్ద ప్రకారం 25 దాటితే ఊబకాయమే. నడుము కొలత 98 సెంటీమీటర్ల నుంచి 89కి వచ్చింది, మన స్త్రీలకు సూచించే పరిమితి మాత్రం 80. అంటే ఆమె ప్రయాణం ఇంకా మధ్యలోనే ఉంది. ఈ మాట పోస్టులో ఉండాలా వద్దా అన్నది పూర్తిగా ఆమె ఇష్టం. బీఎంఐ వద్దు, "ఇంకా తగ్గాలి" అన్న మాట సరే అన్నారు.

కొలతలు పోల్చదగినవిగా ఉండాలంటే తూకం అదే యంత్రం మీద, ఉదయం, ఏమీ తినకముందు, తేలికపాటి దుస్తుల్లో చూడాలి. ఒకే రోజులో కిలో, కిలోన్నర తేడా రావడం మామూలు కాబట్టి ఒక్క రోజు తూకం కాక ఆ వారం సగటు తీసుకోవాలి. నడుమును చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. వట్టి కాళ్లతో పైన నిలబడితే కొవ్వు శాతం చూపే యంత్రాల అంకెను పోస్టులో వేయవద్దని నా అభిప్రాయం. ఒంట్లో నీటి శాతాన్ని బట్టి అది మారుతుంది. మన ఎండాకాలంలో చెమట పట్టాక ఒకలా, నీళ్లు తాగాక ఇంకోలా చూపుతుంది.

నాలుగో అడుగు: ఆ అంకెల వెనుక ఉన్న పరిస్థితులను రాసుకోవాలి

బరువు తగ్గడం జిమ్ వల్లనే అని రాయడం తేలిక, కానీ అది పూర్తి నిజం కాదు. నేను సభ్యురాలితో అరగంట కూర్చుని, మీ రోజువారీ జీవితంలో ఏమేమి మారాయో చెప్పమని అడిగాను. వారానికి నాలుగు రోజులు రావాలని మొదలుపెట్టినా రికార్డు ప్రకారం నెలకు పది, పదకొండు రోజులే వచ్చారు. వచ్చినప్పుడు బరువులతో వ్యాయామం చేశారు. 20 కిలోల ఉత్త బారుతో మొదలుపెట్టిన డెడ్‌లిఫ్ట్ 50 కిలోలకు చేరింది. తిండి విషయంలో మార్పు ఎక్కువగా సాయంత్రం వేళ వచ్చింది. పని నుంచి వస్తూ తినే మిరపకాయ బజ్జీలు వారానికి ఒకసారికి పరిమితమయ్యాయి. ఆదివారం ఉగ్గాని మానలేదు. రాత్రి రెండు ముద్దల రాగి సంగటి ఒక ముద్దకు తగ్గి, పప్పు, ఆకుకూర పెరిగాయి. శెనక్కాయల పచ్చడి గిన్నెను పక్కన పెట్టుకుని వేసుకోవడం మాని రెండు చెంచాలు కొలిచి వేసుకోసాగారు. వేరుశనగ మంచి ఆహారమే, కానీ వంద గ్రాముల్లో 550 కేలరీలకు పైనే ఉంటాయి, కొలవకుండా తింటే లెక్క తప్పుతుంది.

వీటికంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఆమె తెల్లవారుజామున 5:30 బ్యాచ్‌కు రాగలిగింది పొద్దుటి వంటను ఆమె అత్తగారు చూసుకున్నందువల్ల. ఈ వాక్యం లేకుండా కథ రాస్తే, ఇంట్లో తోడు లేని మరో తల్లి దాన్ని చదివి తనలోనే పట్టుదల లోపించిందని అనుకుంటుంది. వీలు కల్పించినవారి గురించి, ఖర్చు గురించి, అనుకూలమైన పనివేళల గురించి రాయడం అందుకే అవసరం.

మందుల సంగతీ అంతే. డాక్టరు రాసిన మందుగాని, బరువు తగ్గించే ఇంజెక్షన్‌గాని, శస్త్రచికిత్సగాని ఉండి దాన్ని దాచితే ఆ ఫలితాన్ని జిమ్ దొంగిలించినట్టే. మందుల గురించి చెప్పడానికి సభ్యుడు ఇష్టపడకపోతే అది అతని హక్కు, అప్పుడు ఆ బరువు అంకెను పోస్టులో వాడకుండా ఉండటం మన బాధ్యత. అలాంటప్పుడు ఎత్తగలిగిన బరువు గురించో, ఎక్కగలిగిన మెట్ల గురించో రాయవచ్చు. "షుగర్ పోయింది", "థైరాయిడ్ నయమైంది" వంటి మాటలు సభ్యుడే చెప్పినా రాయకూడదు. చక్కెర వ్యాధి ఉపశమించిందని వైద్యులు అనాలంటే మందులు ఆపి కనీసం మూడు నెలలైనా గడిచాక, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లోపు ఉండాలి. అది ప్రయోగశాల నివేదిక చూసి డాక్టరు చెప్పాల్సిన మాట. మన పోస్టును నమ్మి ఎవరైనా మందులు మానేస్తే జరిగే హాని చాలా పెద్దది.

ఐదో అడుగు: ఫొటో

ముందు, తర్వాత ఫొటోల పోలిక న్యాయంగా ఉండాలంటే చోటు, వెలుతురు, దుస్తులు, నిలబడే తీరు, కెమెరా ఎత్తు, దూరం అన్నీ ఒకేలా ఉండాలి. పై నుంచి పడే వెలుతురులో, వ్యాయామం ముగిసిన వెంటనే, ఊపిరి బిగబట్టి తీస్తే అదే మనిషి అదే రోజున వేరే మనిషిలా కనిపిస్తాడు. ఫోనులో ముఖాన్ని నున్నగా చేసే సదుపాయాన్ని ఆపేయాలి.

మా సభ్యురాలు పాత ఫొటో వద్దన్నారు కాబట్టి ఆ పోలికే లేదు. నిజానికి దానివల్ల పోస్టు మెరుగుపడిందని నేను నమ్ముతున్నాను. బారును పట్టుకున్న ఆమె చేతుల ఫొటో ఒకటి తీసి, దాని పక్కన 18 నెలల బరువు గీతను వేశాము. ఆ గీత దిగుతుంది, ఆగుతుంది, సంక్రాంతి దగ్గర పైకి లేస్తుంది, మళ్లీ దిగుతుంది. పద్దెనిమిది నెలలు ఎలా గడిచాయో రెండు ఫొటోలకంటే ఆ గీతే బాగా చెబుతుంది.

ముఖం లేనంత మాత్రాన మనిషిని గుర్తుపట్టలేరని అనుకోవద్దు. అనంతపురం అంత పెద్ద ఊరేమీ కాదు. గాజులు, ఉంగరం, చేతి మీద పచ్చబొట్టు, మెడలోని గుర్తింపు కార్డు తాడు చాలు, తెలిసినవారు పోల్చుకుంటారు. మా మొదటి ఫొటోలో గాజులు కనిపించాయని ఆమె చెప్పడంతో వాటిని తీసి మళ్లీ తీయించుకున్నారు. జిమ్‌లో అద్దాలుంటాయి కాబట్టి వెనుక వ్యాయామం చేస్తున్న మరొకరు అద్దంలో పడ్డారేమో చూడాలి. ఆ మనిషి ఏ సమ్మతీ ఇవ్వలేదు.

ఆరో అడుగు: పోస్టు రాయడం

మేము ప్రచురించిన పోస్టు పూర్తి పాఠం ఇది.

"18 నెలలు, 7.8 కిలోలు. మా జిమ్ సభ్యురాలు, 38 ఏళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. 78.4 కిలోలతో చేరి ఈ డిసెంబరులో 70.6 కిలోల దగ్గర ఉన్నారు. నడుము 98 నుంచి 89 సెంటీమీటర్లకు తగ్గింది. మొదటి నెలలో వేగంగా తగ్గారు, అందులో కొంత నీటి బరువు. మధ్యలో రెండు నెలలు బరువు దాదాపు కదలలేదు, పండుగకు కిలోకు పైగా పెరిగింది. నెలకు పది పదకొండు రోజులు వచ్చారు. సాయంత్రం చిరుతిళ్లు తగ్గించి, రాత్రి సంగటి సగం చేశారు. పొద్దుటి వంట అత్తగారు చూసుకున్నారు. డాక్టరు రాసిన మందులు కొనసాగుతున్నాయి. ఇంకా తగ్గాలన్నది ఆమె ఉద్దేశం. ఆమె మాటల్లో: 'పని చేసే చోట రెండో అంతస్తుకు మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాను. నాకు అది చాలా పెద్ద విషయం.' అదే జూన్‌లో మా దగ్గర చేరినవారిలో సగానికి పైగా మూడు నెలల్లోపే మానేశారు. నిలిచినవారిలో కొందరు ఇంతకంటే ఎక్కువ, చాలామంది తక్కువ తగ్గారు. ఈ పోస్టు కోసం ఆమెకు డబ్బుగాని ఫీజు తగ్గింపుగాని ఇవ్వలేదు. ఆమె చదివి ఒప్పుకున్నాకే ప్రచురించాము."

మొదటి వాక్యంలోనే కిలోల కంటే ముందు నెలలు పెట్టాము. పెద్ద అక్షరాల్లో కిలోలు, లోపలెక్కడో నెలలు వేస్తే చదివేవారి మనసులో కిలోలే నిలుస్తాయి. "ఫలితాలు వ్యక్తిని బట్టి మారవచ్చు" అన్న వాక్యం ఇందులో లేదన్నది మీరు గమనించే ఉంటారు. అందరూ అడుగున సన్నని అక్షరాల్లో, తరచుగా ఇంగ్లీషులో వేసే ఆ వాక్యాన్ని ఎవరూ చదవరు. నేను పైన చెప్పిన 2022 మార్గదర్శకాల ప్రకారం కూడా వివరణ ప్రకటన ఉన్న భాషలోనే, అదే అక్షరాల్లో ఉండాలి, ప్రకటనలోని అసలు మాటకు విరుద్ధంగా ఉండకూడదు. మానేసినవారి గురించి, తక్కువ తగ్గినవారి గురించి ఒక్క వాక్యం రాస్తే ఆ పని సూటిగా జరుగుతుంది. దానికి కావలసిన సమాచారం మన హాజరు పుస్తకంలోనే ఉంది. ఆమెతోపాటు ఆ నెలలో చేరినవారందరి పేర్లూ తీసి, ఎవరు ఎంతకాలం వచ్చారో, చివరి తూకం ఎంతో చూస్తే చాలు.

పాత రూపాన్ని అవమానించే మాట ఒక్కటీ ఉండకూడదు. "అప్పుడు ఎలా ఉండేవారో చూడండి" అన్న ధోరణి, ఈ రోజు అదే బరువుతో మన తలుపు దగ్గరకు వచ్చి లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్న మనిషిని నేరుగా గాయపరుస్తుంది.

రాసిన తర్వాత ఫొటో, గీత, పాఠం అన్నీ కలిపి, ప్రచురించబోయే రూపంలోనే సభ్యురాలికి చూపాలి. మా మొదటి ప్రతిలో "ఎంతో పట్టుదలతో" అని ఉండేది. ఆమె దాన్ని కొట్టివేసి, "మూడు నెలలు మానేద్దామనుకున్నాను, పట్టుదల అనవద్దు" అన్నారు. అత్తగారి వాక్యాన్ని ఆవిడకు చదివి వినిపించి, ఆవిడ సరేనన్నాక ఉంచారు. ఈ రెండో పరిశీలన లేకుండా ముందు కాగితం మీద చేసిన సంతకం ఒక్కటే సరిపోదు.

ఏడో అడుగు: ప్రచురించిన తర్వాత

మొదటి రెండు రోజులు వ్యాఖ్యలను ఒకరు దగ్గరుండి చూడాలి. శరీరం మీద చేసే వ్యాఖ్య ఏదైనా, మెచ్చుకోలులా ఉన్నా సరే, మేము తొలగిస్తాము. ఆమె ఎవరో ఊహించే ప్రయత్నాలను వెంటనే తొలగించాలి. "నాకు ఎన్ని నెలల్లో పది కిలోలు తగ్గుతుంది?" అని అడిగేవారికి మా జవాబు దాదాపు ఇలా ఉంటుంది: "అక్కా, ముందే చెప్పలేము. వారానికి అర కిలో తగ్గితే మంచి వేగమే, మధ్యలో ఆగిపోయే నెలలు కూడా ఉంటాయి. షుగర్, బీపీ, గుండె జబ్బు, మోకాలి నొప్పి ఏదైనా ఉంటే ముందు డాక్టరును కలిసి రండి. వచ్చి మూడు రోజులు చూసి, నచ్చితే చేరండి."

పోస్టు సరిగ్గా రాశామో లేదో వచ్చే ప్రశ్నలే చెబుతాయి. "గ్యారంటీ ఉందా?", "ఆమె తీసుకున్న పౌడరు ఏది?" అని ఎక్కువమంది అడుగుతుంటే మన రాతలో ఎక్కడో తప్పుడు ఆశ ఉందని అర్థం. అప్పుడు పాఠాన్ని సవరించి మళ్లీ సభ్యురాలికి చూపాలి. "పొద్దున ఎన్ని గంటలకు తీస్తారు?", "నెలకు పది రోజులు వచ్చినా సరిపోతుందా?" అని అడుగుతుంటే విషయం చేరినట్టే. మాకు ఈ రెండో రకం ప్రశ్నలే ఎక్కువ వచ్చాయి. విచారణకు వచ్చినవారి సంఖ్య మామూలు ప్రకటనలకు వచ్చేదానికంటే తక్కువే, దీన్ని దాచను.

వారం తర్వాత సభ్యురాలికి ఫోను చేసి, ఎవరైనా ఇబ్బంది పెట్టారా, ఉంచమంటారా తీసేయమంటారా అని అడగాలి. ఒక చిన్న పుస్తకంలో ప్రతి కథకూ ఒక పుట కేటాయించి, ఎక్కడెక్కడ వేశాము, ఏ తేదీన వేశాము, ఏ తేదీన గడువు ముగుస్తుంది అన్నవి రాసుకోవాలి. ఈ పుట లేకపోతే ఆమె తొలగించమన్న రోజున పోస్టు తీసేసి, హైలైట్లలో దాచిన స్టోరీని, ట్రైనర్ తన సొంత పేజీలో పంచుకున్న నకలును మరచిపోతారు.

గడువు ముగిసే ముందు మళ్లీ అడగాలి. ఈ మధ్యలో బరువు పెరిగి ఉండవచ్చు. అప్పుడు పాత అంకెతో పోస్టును అలాగే ఉంచడం చదివేవారికి న్యాయం కాదు, ఆమె పెరిగిన బరువును ఆమెను అడగకుండా రాయడం ఆమెకు న్యాయం కాదు. కొత్త అంకెతో సవరించాలా, పూర్తిగా తీసేయాలా అన్నది ఆమే నిర్ణయించాలి. జవాబు రాకపోతే గడువు తేదీ నాటికి తీసేసి, ఆ పుటలో తొలగించిన తేదీ రాసి, ఫొటో అసలు ప్రతిని మన ఫోనులోంచి, ట్రైనర్ ఫోనులోంచి కూడా చెరిపివేయాలి.